స్టాక్ టర్నోవర్ 6 అని లెక్క వస్తోంది, మరి గోడౌన్‌లో సరుకు ఎందుకు కదలదు?

ప్రశ్న: కావలిలో మాది హార్డ్‌వేర్ షాపు సార్. పైపులు, పెయింట్లు, కరెంటు సామాను, శానిటరీ అన్నీ ఉంటాయి. పోయిన సంవత్సరం బిల్లుల మొత్తం 94 లక్షల 40 వేలు. మొదట్లో స్టాక్ 14 లక్షలు, మార్చి 31న 16 లక్షలు, ఏడాదిలో కొన్నది జీఎస్టీ కాకుండా 70 లక్షలు. 94.4ను 16తో భాగిస్తే దాదాపు 6 వచ్చింది, అంటే సరుకు ఏడాదికి ఆరుసార్లు తిరుగుతున్నట్టు, రెండు నెలల సరుకే ఉన్నట్టు. కానీ గోడౌన్‌లో కాలు పెట్టే చోటు లేదు, డిస్ట్రిబ్యూటర్‌కి చెక్కు ఇవ్వాల్సినప్పుడల్లా రెండు రూపాయల వడ్డీకి తెస్తున్నాను. లెక్కలో తప్పుందా? కదలని సరుకును చేతిరాత స్టాక్ రిజిస్టర్ చూసి ఎలా పట్టుకోవాలి? నెలవారీ లెక్కలు, కొన్ని పేజీల ఫొటోలు జత చేశాను.

సమాధానం:

లెక్కలో తప్పుంది. ఒకటి కాదు, మూడున్నాయి. మూడూ ఒకే వైపు లాగుతున్నాయి కాబట్టే మీ 6 అంత అందంగా కనబడుతోంది. నేను నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక హోల్‌సేల్ కొట్లో గుమాస్తాగా మొదలుపెట్టి, తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా షాపుల లెక్కలే రాశాను. ఈ 6 నాకు పాత పరిచయం.

మొదటి తప్పు జీఎస్టీ. 94.4 లక్షలు బిల్లు మొత్తం. అందులో పన్ను మీ డబ్బు కాదు, మీ చేతుల మీదుగా పోయేది. మీ షాపులో దాదాపు అన్నీ 18 శాతం సరుకులే కాబట్టి 1.18తో భాగిస్తే అసలు అమ్మకం 80 లక్షలు. 16తో భాగిస్తే 6 కాస్తా 5 అయింది.

రెండోది, పైన అమ్మిన ధర, కింద కొన్న ధర పెట్టడం. స్టాక్‌ను మీరు కొన్న రేటుకే లెక్క కడతారు. అమ్మకంలో మాత్రం మీ లాభం కలిసి ఉంటుంది. రెండూ ఒకే కొలతలో ఉండాలి. అమ్ముడుపోయిన సరుకు మీకు ఎంతకు పడిందో తెలుసుకోవడం తేలిక: మొదటి స్టాక్ 14, దానికి కొన్నది 70 కలిపితే 84, అందులో మిగిలిన 16 తీసేస్తే 68 లక్షలు. 80కి అమ్మారు, 68కి పడింది, లాభం 12, అంటే అమ్మకం మీద 15 శాతం. ఇప్పుడు 68ని 16తో భాగిస్తే 4.25.

మూడోది అన్నిటికన్నా పెద్దది. మార్చి 31 నాటి స్టాక్ మీ షాపు అసలు స్టాక్ కాదు. అది ఫొటో దిగే రోజు తల దువ్వుకున్నట్టు ఉంటుంది. మీ షీట్లు చూశాను. అక్టోబర్, నవంబర్ నెలాఖర్లలో 23 లక్షలుంది. మన దగ్గర వానలు ఆ నెలల్లోనే కదా, కట్టుబళ్ళు ఆగిపోతాయి, దసరాకి తెచ్చిన సరుకు అట్లాగే కూర్చుంటుంది. సంక్రాంతికి రంగులు పోతాయి, వానలు వెనకబడ్డాక ఫిబ్రవరి, మార్చిలో ఇళ్ళ పనులు ఊపందుకుంటాయి, స్టాక్ దిగుతుంది. దానికి తోడు మార్చిలో డిస్ట్రిబ్యూటర్‌తో "బిల్లు ఏప్రిల్‌లో వెయ్యండి" అనడం మనందరికీ అలవాటే. మీ ఏప్రిల్ చూడండి, ఒక్క నెలలో 14 నుంచి 20కి పోయింది. అందుకే ఒక్క మార్చి కాకుండా పన్నెండు నెలాఖరుల స్టాక్ కలిపి పన్నెండుతో భాగించాలి. మీవి కలిపితే 240 లక్షలు, సగటు 20 లక్షలు. 68ని 20తో భాగిస్తే 3.4.

365ను 3.4తో భాగిస్తే 107 రోజులు. మీరు 62 రోజులు అనుకుంటున్నారు, మీ డబ్బు సరుకు రూపంలో 107 రోజులు గోడౌన్‌లో ఉంటోంది. డిస్ట్రిబ్యూటర్ మీకు ఇచ్చే గడువు ఎంతో మీకు తెలుసు. ఆ గడువుకీ ఈ 107కీ మధ్య ఉన్న సందులోకే రెండు రూపాయల వడ్డీ వచ్చి కూర్చుంది.

చేతిరాత రిజిస్టర్‌లో సంఖ్యలే ఉంటాయి, రూపాయలు ఉండవు, ప్రతి నెలా అన్నిటికీ విలువ కట్టడం అయ్యే పని కాదు అంటారా. దానికో దారి ఉంది. నెల మొదటి స్టాక్‌కి ఆ నెల కొన్నది కలిపి, ఆ నెల అమ్మకంలో 85 శాతం తీసేయండి. మీ ఏప్రిల్: 14 లక్షలు, కొన్నది 11.1, అమ్మకం పన్ను లేకుండా 6 లక్షలు, దానిలో 85 శాతం 5.1. మిగిలింది 20. ఇది ఉజ్జాయింపు లెక్కే. పైపుల మీద, శానిటరీ మీద లాభం ఒకేలా ఉండదు కాబట్టి సరుకు రకాల వారీగా విడివిడిగా చేస్తే నిజానికి దగ్గరగా ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు చేత్తో లెక్కపెట్టి సరిచేసుకుంటే చాలు.

ఇక అసలు విషయం. 3.4 అన్నది కూడా మీకు పెద్దగా ఏమీ చెప్పదు. అది మొత్తం షాపు సగటు. ఒక కాలు పొయ్యిలో, ఒక కాలు ఐసులో పెట్టి సగటున హాయిగా ఉంది అన్నట్టు. మీ షీట్లను రకాల వారీగా విడగొడితే ఇలా వచ్చింది. అన్నీ లక్షల్లో, కొన్న ధరకే:

| రకం | ఏడాదిలో అమ్మిన సరుకు | సగటు స్టాక్ | ఎన్నిసార్లు తిరిగింది |
|---|---|---|---|
| పైపులు, ఫిట్టింగులు | 26 | 4 | 6.5 |
| పెయింట్లు | 16 | 4.5 | 3.6 |
| కరెంటు సామాను | 14 | 3 | 4.7 |
| చిల్లర హార్డ్‌వేర్ | 7 | 2.5 | 2.8 |
| శానిటరీ | 5 | 6 | 0.83 |

మీ పైపులు రెండు నెలల్లోపే తిరిగి డబ్బవుతున్నాయి. మీ డబ్బులో పది రూపాయలకు మూడు రూపాయలు శానిటరీలో ఉన్నాయి, అక్కడ ఒక రూపాయి తిరిగి రావడానికి దాదాపు 14 నెలలు పడుతోంది.

ఈ మాట ఏ షాపులో చెప్పినా ఓనర్ వెంటనే అనేది ఒకటే. "శానిటరీలో మార్జిన్ ఉంది కదా సార్, పైపుల్లో ఏముంది?" నిజమే. మీ లెక్కలోనే 5 లక్షల శానిటరీని 7 లక్షలకు అమ్మారు, లాభం 2 లక్షలు. పైపులు 26 లక్షలవి అమ్మితే వచ్చింది మూడున్నర. కానీ పైపుల మూడున్నర లక్షలు 4 లక్షల పెట్టుబడి మీద వచ్చాయి, రూపాయికి 87 పైసలు. శానిటరీ 2 లక్షలు 6 లక్షల మీద వచ్చాయి, రూపాయికి 33 పైసలు. ఇప్పుడు ఆ 6 లక్షలకు మీరు కట్టే వడ్డీ రేటు వేయండి. నూటికి రెండు రూపాయలు, ఏడాదికి 1 లక్షా 44 వేలు. రెండు లక్షల లాభంలో మీకు మిగిలేది 56 వేలు. గోడౌన్ అద్దె, పగిలిన బేసిన్లు అందులోనే. మీ స్టాక్ అంతా అప్పుతో కొన్నది కాదని నాకూ తెలుసు. కానీ అప్పు ఉన్నంత కాలం శానిటరీలోంచి బయటికొచ్చిన ప్రతి రూపాయీ ఆ అప్పులో కట్టొచ్చు కదా, అందుకే ఆ రేటే వేయాలి.

రకం తెలిసింది. ఇక ఆ రకంలో ఏ సరుకు? ఇక్కడ రిజిస్టర్ పేజీలు తిప్పక తప్పదు.

మీరు పంపిన ఫొటోల్లో లేత ఆకుపచ్చ వాష్ బేసిన్ పేజీ ఒకటుంది. ఏప్రిల్ 1న 22. జూన్ 12న రెండు పోయాయి, 20. సెప్టెంబర్ 3న ఒకటి పోయింది, 19. జనవరి 20న ఎర్ర సిరాతో "వాపసు 1", మళ్ళీ 20. ఏడాదంతా పేజీ మీద నాలుగే గీతలు, ఒక గీత వెనక్కి. నికరంగా పోయినవి రెండు. ఉన్నవి 20. ఇదే వేగంతో పోతే పదేళ్ళ సరుకు. ఒక్కోటి 1,450 చొప్పున 29 వేలు. దాని వెనక పేజీలో తెల్ల బేసిన్ ఏడాదికి 60 పోయింది, ఉన్నవి 14, అంటే మూడు నెలలకు కూడా చాలవు. రెండూ ఒకే అరలో ఉంటాయి. అర వంక చూస్తే "బేసిన్లు బాగానే పోతున్నాయి" అనిపిస్తుంది, పోయేవి తెల్లవి.

ప్రతి పేజీ పైన కుడి మూల పెన్సిల్‌తో మూడు రాయండి. చివరిసారి అమ్మిన తేదీ, చివరిసారి కొన్న తేదీ, ఉన్నది ఎన్ని నెలలకు సరిపోతుంది. మూడోదానికి ఉన్న సంఖ్యను నెలకు సగటున పోయే సంఖ్యతో భాగించాలి, వాపసులు తీసేసిన సగటు. ఒక్కటే చూస్తే మోసపోతాం. చివరి అమ్మకం తేదీ ఒక్కటే చూస్తే, ఆర్నెల్లకోసారి ఒక్క పీసు పోయే సరుకు మొన్ననే పోయింది కాబట్టి బతికున్నట్టు కనబడుతుంది. నెలల లెక్క ఒక్కటే చూస్తే, పోయిన నెలే కొత్తగా తెచ్చిన మోడల్ ఇంకా అమ్మకం మొదలుకాక ముందే మొండి సరుకుగా తేలుతుంది. అందుకే కొన్న తేదీ కూడా పక్కన ఉండాలి. కొని ఆరు నెలలు దాటి, ఉన్నది ఏడాదికి మించి సరిపోయేలా ఉంటే అది కదలని సరుకు. ఆరు నుంచి పన్నెండు నెలలకు సరిపోయేది మందకొడి సరుకు, దాన్ని మళ్ళీ కొనడం ఆపితే చాలు, అదే దిగుతుంది. ఈ ఆరు, పన్నెండు ఏ చట్టంలోనూ లేవు, హార్డ్‌వేర్‌కి నేను పెట్టుకున్న గీతలు. కిరాణా కొట్టు వాళ్ళు ఇవే గీతలు పెట్టుకుంటే సరుకు ముక్కిపోతుంది.

మీ అబ్బాయి కంప్యూటర్ మీద అమ్మకాలు ఎక్కిస్తున్నాడన్నారు. ఎక్సెల్‌లో అయితే Sales షీట్‌లో A నిలువు వరసలో తేదీ, B నిలువు వరసలో సరుకు పేరు, ఇంకో షీట్‌లో A2 గడిలో మీరు వెతికే సరుకు పేరు ఉంటే, తేదీ ఫార్మాట్ పెట్టిన గడిలో చివరి అమ్మకం తేదీ ఒక్క లైనుతో వస్తుంది:

```
=MAXIFS(Sales!A:A, Sales!B:B, A2)
```

అసలే అమ్మకం లేని సరుకుకు ఇది 1900 సంవత్సరం తేదీ చూపిస్తుంది. కంగారుపడొద్దు, అదే మీకు కావలసిన సరుకు. సరుకు పేరు మాత్రం అన్నిచోట్లా ఒకేలా రాయాలి. "బేసిన్ గ్రీన్" ఒకచోట, "గ్రీన్ బేసిన్" ఇంకోచోట ఉంటే కంప్యూటర్‌కి అవి రెండు సరుకులు.

సగటు తీసేటప్పుడు రెండు చోట్ల కాలు జారుతుంది. ఒకటి సీజన్. నవంబర్ నెలాఖరున కూర్చుని బయట గోడల రంగుకు మూడు నెలల సగటు తీస్తే, వానల్లో ఎవరూ వేయించరు కాబట్టి ఏడెనిమిది నెలల సరుకు ఉన్నట్టు వస్తుంది. దాన్ని చూసి డిస్కౌంటుకు వదిలించుకుంటే డిసెంబర్ చివర్లో రంగు లేక పక్క షాపులో ఎక్కువ రేటుకు తెచ్చుకోవాలి. రంగులకు, ఎండాకాలం పోయే మోటార్ల సామానుకు పన్నెండు నెలల సగటే వాడాలి, లేదా పోయిన ఏడాది అవే నెలలతో పోల్చాలి. రెండోది ఒక్క పెద్ద బేరం. ఒక కాంట్రాక్టర్ అపార్ట్‌మెంట్ కోసం 40 కుళాయిలు ఒకేసారి పట్టుకెళ్ళాడనుకోండి, సగటు నెలకు మూడు పైగా వస్తుంది. ఆ ఒక్క బిల్లు తీసేస్తే పోయేది రెండు నెలలకు ఒకటి. పేజీలో ఎన్ని కుళాయిలు పోయాయన్నదే కాదు, ఎన్ని వేర్వేరు తేదీల్లో పోయాయో కూడా లెక్కపెట్టండి. ఏడాదిలో మూడు నాలుగు తేదీలే ఉంటే సగటును నమ్మకండి.

ఇప్పుడు రిజిస్టర్ దాచే సంగతి ఒకటి చెప్పాలి, ఇది చాలామందికి తట్టదు. రిజిస్టర్‌కి ఎన్ని ఉన్నాయో తెలుసు, ఏవి ఉన్నాయో తెలియదు. బాగా పోయే సరుకులో కూడా పాతది దాక్కుని ఉంటుంది.

నేను లెక్కలు రాసిన ఒక షాపులో గోడల పుట్టీ బస్తాలు నెలకు ఇరవై దాకా పోయేవి. మార్చి 31న రిజిస్టర్‌లో 34 ఉన్నాయి. వయసు కట్టే పద్ధతి ఇది: ఉన్న సంఖ్యను వెనక నుంచి కొనుగోళ్ళకు సర్దాలి. చివరగా మార్చి 10న 20 వచ్చాయి, అవన్నీ ఉన్నాయనుకుందాం. మిగిలిన 14 అంతకుముందు ఫిబ్రవరి 5న వచ్చిన ఇరవైలోవి. అంటే అన్నిటికన్నా పాత బస్తా వయసు 54 రోజులు. ముందొచ్చింది ముందు పోతే ఇంతకన్నా పాతది ఉండకూడదు. కాగితం మీద బ్రహ్మాండం. గోడౌన్‌లోకి వెళ్ళి చూస్తే గోడవార కింది వరసలో తొమ్మిది బస్తాలు డిసెంబర్ 12 నాటివి. చేత్తో తడితే శబ్దం వచ్చింది, లోపల రాయి. వానాకాలం తేమ, కింద బల్ల కూడా వేయలేదు. లారీ వచ్చినప్పుడల్లా కొత్త బస్తాలు ముందు పేర్చేవాళ్ళు, కుర్రాళ్ళు చేతికందినవి ఇచ్చేవాళ్ళు. రిజిస్టర్ రాసింది నేనే. ప్రతి అంకె కరెక్ట్. నెలల తరబడి కరెక్ట్‌గానే రాస్తూ వచ్చాను, ఒక్కరోజు కూడా లోపలికెళ్ళి బస్తా మీద తేదీ చూడలేదు. ఓనర్ ఏమీ అనలేదు గానీ ఆ బస్తాలను సంక్రాంతి దాకా తీయనీయలేదు, నేను వెళ్ళేదారిలోనే ఉంచాడు.

పుట్టీ, వైట్ సిమెంట్, పైపులు అతికించే గమ్ము డబ్బాలు, కలిపి ఉంచిన రంగులు, వీటన్నిటికీ ఇదే గతి. ఇలా వెనక నుంచి సర్ది వచ్చిన వయసును, బస్తా మీదున్న తేదీతో పోల్చండి. కాగితం 54 రోజులంటుంటే గోడౌన్ 109 రోజులంటే, కొనుగోలులో తప్పు లేదు, తీసి ఇచ్చే వరసలో తప్పు. మళ్ళీ లారీ వచ్చినప్పుడు పాతవి ముందుకు లాగించి కొత్తవి వెనక పేర్పించండి. కూలీ యాభయ్యో వందో ఎక్కువ అడుగుతాడు, ఇచ్చేయండి.

ఇంకో మాట. ఇదంతా చేసేముందు రిజిస్టర్‌లో ఉన్నవి నిజంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. మన షాపుల్లో మేస్త్రీలు, ప్లంబర్లు చీటీ మీద సరుకు పట్టుకెళ్ళి, పని అయ్యాక మిగిలింది తెచ్చి పడేస్తారు. పట్టుకెళ్ళింది రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది, తెచ్చింది ఎక్కదు. లేదా అమ్మకాల పుస్తకంలో తగ్గిస్తారు, స్టాక్‌లో కలపరు. మొదటి స్టాక్‌కి కొన్నది కలిపి అమ్మింది తీసేస్తే ఉన్నది రావాలి, రాకపోతే ముందు చీటీలు వెతకండి, దొంగను తర్వాత వెతుకుదురు. అన్ని సరుకులూ లెక్కపెట్టక్కర్లేదు. విలువ ఎక్కువున్న ముప్ఫై పేజీలు తీసి అవి లెక్కపెడితే డబ్బులో చాలా భాగం తేలిపోతుంది.

మీ శానిటరీ పేజీలు పన్నెండు చూశాను, వాటిలో 1 లక్షా 90 వేల సరుకుంది. ఏడు పేజీలు ఏడాదికి మించిన సరుకు, వాటి విలువే 1 లక్షా 30 వేలు. ఆ ఏడింటిలో అయిదు జూన్‌లో ఒకే బిల్లు మీద వచ్చాయి. అడగకుండానే చెప్పగలను, స్కీము. 5 శాతం అదనపు డిస్కౌంట్ అని బిల్లు మీదే ఉంది. మీ శానిటరీలో ఒక రూపాయి 14 నెలలు ఉంటోంది. రెండు రూపాయల వడ్డీ లెక్కన నూటికి 28 రూపాయలు వడ్డీకి పోతుంటే, 5 రూపాయలు తగ్గాయని కొన్నారు. స్కీము ఎప్పుడూ చెడ్డది కాదు. మీ పైపులకు అదే 5 శాతం ఇస్తే కళ్ళు మూసుకుని తీసుకోమంటాను, రెండు నెలల్లో తిరిగొస్తుంది. సేల్స్‌మన్ మీ ముందు కూర్చున్నప్పుడు ఆ సరుకు పేజీ మూలనున్న మూడో అంకె చూసి మాట్లాడండి.

ఉన్నదాన్ని ఏం చేయాలి. ముందు డిస్ట్రిబ్యూటర్‌ని అడగండి, పెట్టె విప్పనివి, ఇంకా కంపెనీ తయారుచేస్తున్న మోడళ్ళు వెనక్కి తీసుకుంటాడేమో. డబ్బు అడిగితే ఇవ్వడు, బదులుగా తెల్ల బేసిన్లు అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. పన్ను తగ్గించి క్రెడిట్ నోటు ఇవ్వాలంటే అతను దాన్ని, మీరు కొన్న ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30లోపు తన రిటర్నులో చూపించాలి, వార్షిక రిటర్ను అంతకన్నా ముందే వేసేస్తే అప్పటిదాకానే. మీవైపు ఆ మేరకు తీసుకున్న క్రెడిట్ తగ్గించుకోవాలి. పోయిన జూన్‌లో కొన్నవాటికి గడువు ఇంకా ఉంది. అంతకన్నా పాతవైతే మీరే బిల్లు రాసి అతనికి అమ్మినట్టు పంపొచ్చు.

వెనక్కి పోనివి కొన్న ధర కన్నా తక్కువకైనా అమ్మండి. నష్టానికి అమ్మితే జీఎస్టీలో చిక్కు వస్తుందేమో అని చాలామందికి భయం. అమ్మిన ధర మీద పన్ను కడితే చాలు, కొన్నప్పుడు తీసుకున్న క్రెడిట్ వెనక్కి ఇవ్వక్కర్లేదు. కానీ పారేస్తే మాత్రం ఇవ్వాలి. పైన చెప్పిన పుట్టీ బస్తా 750 చొప్పున తొమ్మిదింటికి 6,750, దాని మీద క్రెడిట్ 1,215 తిరిగి కట్టాం. ఊరికే ఎవరికైనా ఇచ్చేసినా అంతే. అందుకే ఆకుపచ్చ బేసిన్‌ను ఉచితం అని ఇచ్చే బదులు, కుళాయితో, పైపుతో కలిపి సెట్టుకు ఒక ధర పెట్టి బిల్లు రాయండి. అద్దె గదులు కట్టేవాళ్ళు, హాస్టళ్ళ వాళ్ళు రంగు పట్టించుకోరు, వాళ్ళకు చెప్పించండి.

సంవత్సరాంతపు స్టాక్ విలువలో కూడా దీన్ని చూపించాలి. కొన్న ధర, ఇప్పుడు అమ్మితే చేతికొచ్చే ధర, రెండింటిలో ఏది తక్కువైతే అది వేయాలి. బేసిన్‌కు 700 మించి రాదనుకుంటే 20 బేసిన్లకు 29 వేలు కాదు, 14 వేలే. తేడా 15 వేలు ఈ ఏడాది లాభంలో తగ్గుతుంది. మీ ఆడిటర్‌కి ఊరికే "తగ్గించండి" అంటే ఒప్పుకోడు. పేజీ కాపీ, మీరు నిజంగా ఆ రేటుకు అమ్మిన బిల్లు ఒకటో రెండో చూపిస్తే ఒప్పుకుంటాడు.

శానిటరీని 6 లక్షల నుంచి 3కి దించగలిగితే, అమ్మకం పెరగకపోయినా షాపు సగటు స్టాక్ 17 అవుతుంది, తిరుగుడు 4కి వస్తుంది, నెలకు ఆరు వేల వడ్డీ ఆగుతుంది. ఒక్క నెలలో కాదు, ఏడాది పట్టొచ్చు. అమ్మే ధర తక్కువ కాబట్టి 3 లక్షల సరుకు దించితే చేతికి 3 లక్షలూ రావు, అది కూడా తెలిసి ఉండండి.

చివరగా, ఈ లెక్క చూసి చిల్లర హార్డ్‌వేర్ మీద, పైపుల ఫిట్టింగుల మీద పడకండి. మీ ఫొటోల్లో నాలుగంగుళాల పైపును రెండున్నరకు తగ్గించే రెడ్యూసర్ పేజీ ఉంది. ఏడాదికి ఆరు పోతాయి, ఉన్నవి పదకొండు. నా గీతల ప్రకారం అదీ కదలని సరుకే. కానీ అది పోయిన ఆరు తేదీల బిల్లులు తీసి చూడండి, ప్రతిసారీ ఒక ప్లంబర్ పెద్ద లిస్టుతో వచ్చి ఉంటాడు. ఆ ఒక్కటి లేదంటే లిస్టంతా పక్క షాపుకి పట్టుకెళ్తాడు. పదకొండుకు బదులు నాలుగు ఉంచుకోండి, సున్నా చేయకండి. ఆకుపచ్చ బేసిన్ పోయిన బిల్లులు కూడా అలాగే తీసి చూడండి. వాటి మీద ఇంకేమీ లేకపోతే ఇక ఆలోచించక్కర్లేదు.